ఆదివారం సాయంత్రం లెక్కలో 168

రోజూ ఏ పనికి ఎంతసేపు పట్టిందో రాసుకునేవాళ్లు వారం లెక్కను ఆదివారం సాయంత్రం ఆరు నుంచి మళ్లీ ఆదివారం సాయంత్రం ఆరు వరకు తీసుకోండి. అప్పుడు సరిగ్గా 168 గంటలు వస్తాయి. అసలు చూడాల్సింది ఆ 168లో రాయకుండా మిగిలిపోయిన గంటల్ని.

నా పోయిన వారం లెక్క: నిద్ర 49, ఆఫీసు 46, ఇంటి పని 16, ఇంట్లోవాళ్లతో 14, ప్రయాణం 9, చదువు 4. మొత్తం 138. అంటే 30 గంటలకు లెక్కే లేదు, రోజుకు నాలుగు గంటల పైమాటే! రోజువారీ పేజీలు తిరగేస్తే ఖాళీలన్నీ దాదాపు ఒకేచోట ఉన్నాయి, రాత్రి భోజనం అయ్యాక. ఆ టైమంతా ఫోన్‌లోనే పోతోంది. చదువుకు టైమ్ లేదని ఇన్నాళ్లూ ఊరికే టెన్షన్ పడ్డాను. ఈ వారం నుంచి ఫోన్‌కీ ఒక వరుస పెట్టాను.

షీట్‌లో వేసేవాళ్లు రెండో కాలమ్‌లో పని పేరు, మూడో కాలమ్‌లో పట్టిన సమయం 1:30 లాగా రాసి, వేరే కాలమ్‌లో ఈ ఫార్ములా పెడితే చాలు, ఆఫీసు గంటల మొత్తం వస్తుంది:

```
=SUMIF(B:B,"ఆఫీసు",C:C)
```

ఇక్కడ ఒక చిక్కుంది. సెల్ ఫార్మాట్ మామూలు `h:mm` అయితే 24 గంటలు దాటగానే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలైనట్టు కనిపిస్తుంది. నా 46 గంటలు 22:00 అని చూపించింది. ఫార్మాట్‌ను `[h]:mm` అని మార్చాక 46:00 వచ్చింది. పని పేరు కూడా ప్రతిసారీ ఒకేలా రాయాలి. ‘ఇంటి పని’, ‘ఇంటిపని’ షీట్‌కు రెండు వేర్వేరు పనులు.