సమీక్ష స్లయిడు కింద ‘వల్ల’ అని రాసే ముందు

మూడు నెలల సమీక్షలు మళ్లీ దగ్గరపడ్డాయి. పోయిన విడతలో మా కార్యాలయంలో ఒక్క వాక్యం ఎంత చేటు చేసిందో చూశాను కాబట్టి ముందే చెబుతున్నాను.

ఆ స్లయిడులో జనవరి నుంచి జూన్ వరకు వచ్చిన ఫిర్యాదులకు ఆరు కడ్డీలున్నాయి: 480, 510, 495, 620, 530, 500. ఏప్రిల్ చివర్లో సిబ్బందికి శిక్షణ ఇచ్చారు. కింద సారాంశం ఇది: ‘శిక్షణ వల్ల ఫిర్యాదులు 19 శాతం తగ్గాయి.’ అది చదివిన పెద్దలు ఇక రద్దీ ఉండదనుకుని, ఫిర్యాదులు చూసే ఐదుగురిలో ఇద్దరిని వేరే పనికి మార్చారు. జులైలో 505 వచ్చాయి. మిగిలిన ముగ్గురూ రాత్రిళ్లు కూర్చున్నా జవాబులు అందక జనం రోజుల తరబడి ఎదురుచూశారు.

లెక్క తప్పలేదు. 620 నుంచి 500కు దిగితే తగ్గుదల 19 శాతమే. చెడగొట్టింది ‘వల్ల’ అన్న మాట. మొదటి మూడు నెలల సగటు 495, జూన్ అంకె 500. అంటే ఫిర్యాదులు ఎక్కడ బయలుదేరాయో అక్కడికే తిరిగివచ్చాయి. ఏప్రిల్‌లో బిల్లుల ముద్రణలో పొరపాటు జరిగి ఫిర్యాదులు ఒక్కసారిగా పెరిగాయని తర్వాత తెలిసింది. శిక్షణ ఇవ్వని మరో విభాగంలోనూ అదే నెలలో పెరిగి, అలాగే దిగాయి. ఆ రెండో విభాగం అంకెలు అడిగి ఉంటే చాలు, ఆ వాక్యం పుట్టేది కాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పరిస్థితి బాగా చెడినప్పుడే ఎవరైనా శిక్షణో కొత్త నిబంధనో తెస్తారు. అసాధారణంగా ఎగసిన అంకె తర్వాత వచ్చేది సాధారణంగా మామూలు స్థాయికి దగ్గరగానే ఉంటుంది. చాలా పొడవైన తల్లిదండ్రుల పిల్లలు సగటున వారికంటే కొంత పొట్టిగా ఉంటారని బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో చూపించింది ఈ ధోరణినే. అందుకే శిఖరం మీద మొదలుపెట్టిన ఏ చర్యకైనా, అది పనిచేయకపోయినా, మంచి పేరు వస్తుంది.

‘వల్ల’ తీసేసి ‘శిక్షణ ఇవ్వడంతో తగ్గాయి’ అని రాస్తే తప్పించుకున్నట్టు కాదు. ‘ఇవ్వడంతో’, ‘ఫలితంగా’, ‘దాంతో’ అన్నీ ‘వల్ల’కు మారువేషాలే. ‘శిక్షణ ఫిర్యాదులను తగ్గించింది’ అంటే మరీ ఘోరం, క్రియలోనే కారణం దూరిపోయింది. ‘తర్వాత’ అన్నా చదివేవారు ‘వల్ల’ అనే వింటారు, కాబట్టి పాత స్థాయిని పక్కనే పెట్టాలి. ఇలా రాయండి:

‘ఏప్రిల్‌లో 620కి పెరిగిన ఫిర్యాదులు జూన్ నాటికి 500కు దిగి, ఏడాది మొదటి మూడు నెలల స్థాయికి (సగటు 495) చేరాయి. ఏప్రిల్ చివర్లో శిక్షణ జరిగింది. దాని ప్రభావం ఎంతో ఈ అంకెలను బట్టి చెప్పలేం.’

ఇక మిగతావి:

- పక్కనున్న నిలువు గీత ఏ అంకె దగ్గర మొదలైందో ముందు చూడండి. ఆ స్లయిడులో 450 దగ్గర మొదలైంది. అందుకే ఏప్రిల్ కడ్డీ 170 ఎత్తు, జూన్ కడ్డీ 50 ఎత్తు ఉన్నాయి. ఐదో వంతు కూడా లేని తగ్గుదల కంటికి మూడింట రెండొంతులకు పైగా కనిపించింది.
- కడ్డీ ఎత్తును కాదు, దాని మీది అంకెను చదవండి.
- చివరి నెల పూర్తయిందా? సగం నెల కడ్డీ ఎప్పుడూ పొట్టిదే. దాన్ని తగ్గుదల అనకండి.
- 4 శాతం 6 శాతమైతే పెరిగింది 2 శాతం కాదు, 2 శాతం పాయింట్లు. పాత రేటుతో పోలిస్తే 50 శాతం. ఏది చెబుతున్నారో రాయండి.
- ఫిర్యాదులు పెరిగాయంటే ఖాతాదారులూ పెరిగారేమో అడగండి. వెయ్యి మందికి ఎన్ని అన్నది లెక్కకట్టండి.
- రెండు బిందువులను ధోరణి అనకండి.
- 495 నుంచి 500కు మారితే ‘పెరిగాయి’ అనకండి. నెలనెలా అంతకంటే ఎక్కువే ఊగుతున్నాయి.
- ‘భారీగా’, ‘గణనీయంగా’ కొట్టేయండి. అంకె పెట్టండి.
- రెండు గీతలు కలిసి పైకెక్కినా మళ్లీ అదే మాట: ‘వల్ల’ రాయకండి.
- పై అధికారి అడిగినా రాయకండి. శిక్షణ పొందినవారిని, పొందనివారిని చీటీలు తీసి విడదీసి, తేడా కొలిచిన రోజున రాయండి.
- పంపే ముందు సారాంశమంతా ‘వల్ల’ కోసం, దాని మారువేషాల కోసం వెతకండి. దొరికిన ప్రతిచోటా రుజువు ఏ స్లయిడులో ఉందో దాని సంఖ్య పక్కన వేయండి. వేయలేకపోతే ఆ వాక్యం తీసేయండి.