క్యాష్‌బుక్‌కీ బ్యాంకు స్టేట్‌మెంట్‌కీ తేడా వస్తే ఎక్కడ వెతకాలి

పర్లాకిమిడిలో ఒక హోల్‌సేల్ కిరాణా కొట్టు లెక్క చూద్దాం. మార్చి 31న క్యాష్‌బుక్‌లో బ్యాంకు నిల్వ ₹1,84,620. అదే రోజు స్టేట్‌మెంట్‌లో ₹2,11,605. తేడా ₹26,985. ఈ అంకెను పట్టుకుని ఎంత వెతికినా ఏ పద్దూ దొరకదు, ఎందుకంటే ఇది ఒక తప్పు కాదు, కొన్ని పైకీ కొన్ని కిందికీ లాగిన మొత్తం. అందుకే ముందు రెండు పుస్తకాల్లో ఉన్న పద్దులన్నిటికీ టిక్ పెట్టండి. టిక్ పడనివే మన పని.

టిక్ పెట్టేటప్పుడు ఒక్క విషయం: బ్యాంకులో వేసిన డబ్బు మన పుస్తకంలో డెబిట్, వాళ్ల స్టేట్‌మెంట్‌లో క్రెడిట్. అది మన ఆస్తి, వాళ్లకు అప్పు కాబట్టి.

లక్షణం: మన పుస్తకంలో ఉంది, స్టేట్‌మెంట్‌లో లేదు

29న విశాఖ వ్యాపారికి ఇచ్చిన ₹42,500 చెక్కును ఆయన ఇంకా బ్యాంకులో వేయలేదు. పాతపట్నం ఖాతాదారు ఇచ్చిన ₹18,000 చెక్కును మనం 31న సాయంత్రం వేశాం. మర్నాడు ఏప్రిల్ 1, ఉత్కళ దివస్ సెలవు. ఆ సొమ్ము తర్వాతే జమవుతుంది.

ఈ రెండూ తప్పులు కావు, ఆలస్యాలు. క్యాష్‌బుక్‌ను ముట్టుకోవద్దు. లెక్క కలపాలన్న తొందరలో ఇక్కడ సర్దుబాటు పద్దు రాస్తే, వచ్చే నెల చెక్కు పాసయ్యాక అదే మొత్తం మళ్లీ తేడాగా పైకి వస్తుంది. వీటిని రీకన్సిలియేషన్ కాగితం మీద చూపించి, వచ్చే నెల స్టేట్‌మెంట్‌లో పడ్డాయో లేదో చూస్తే చాలు. మనం ఇచ్చిన చెక్కు 3 నెలలు దాటినా రాకపోతే దానికి చెల్లుబాటు పోయినట్టే. అప్పుడు పార్టీతో మాట్లాడి, ఆ చెల్లింపును పుస్తకంలో వెనక్కి తిప్పాలి.

లక్షణం: స్టేట్‌మెంట్‌లో ఉంది, మన పుస్తకంలో లేదు

ఇక్కడ మాత్రం క్యాష్‌బుక్‌లో పద్దు రాయాల్సిందే. ఒక ఖాతాదారు నేరుగా NEFTలో వేసిన ₹12,000 కనిపించింది. పేరు గుర్తుపట్టలేకపోతే కంగారు పడొద్దు, చాలామంది కొడుకు ఖాతా నుంచో తమ్ముడి ఖాతా నుంచో పంపుతారు. UTR నంబరు చెప్పి బాకీదార్లను అడగండి. తేలేదాకా ఆ సొమ్మును అమ్మకాల్లో కలపకుండా 'గుర్తుతెలియని వసూళ్లు' అనే ఖాతాలో ఉంచండి.

ఎక్కువ నష్టం చేసేది తిరిగొచ్చిన చెక్కు. 20న వేసిన ₹9,400 చెక్కుకు 21న స్టేట్‌మెంట్‌లో క్రెడిట్ పడింది. అది చూసి మనవాళ్లు టిక్ పెట్టేశారు. నాలుగు లైన్ల కింద, 24న అదే ₹9,400 డెబిట్ అయింది, పక్కన CHQ RETURN అని ఉంది. దాని కిందే రిటర్న్ ఛార్జీ ₹250, 18 శాతం జీఎస్టీ ₹45, మొత్తం ₹295. జమ లైను దొరికిందని ఆగిపోతే ఇది ఎప్పటికీ కనబడదు. అందుకే డెబిట్ లైన్లను విడిగా ఇంకోసారి చదవాలి.

₹9,400ను బ్యాంకుకు క్రెడిట్, పార్టీకి డెబిట్ రాయండి. అప్పుడే అతని బాకీ మళ్లీ నిలబడుతుంది. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోగా రాతపూర్వక నోటీసు ఇస్తేనే చెక్ బౌన్స్ కేసుకు దారి ఉంటుంది. ఏడాది చివర ఒక్కసారే లెక్క కలిపేవాళ్లకు ఈ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. నెలనెలా కలపమనేది ఇందుకే.

లక్షణం: రెండు చోట్లా ఉంది, అంకె వేరు

ఇంకా ₹180 మిగిలింది. 9తో భాగిస్తే శేషం లేకుండా 20 వస్తుంది. ఇలా భాగించబడితే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. చూస్తే, మనం ఇచ్చిన ₹5,460 చెక్కును క్యాష్‌బుక్‌లో ₹5,640గా రాశారు. మిగిలిన తేడాలో సగానికి సమానమైన పద్దు పుస్తకంలో ఉంటే, అది డెబిట్‌కు బదులు క్రెడిట్‌లో పడిందేమో చూడండి. ఇవి ఆనవాళ్లు మాత్రమే, అసలు చెక్కు కౌంటర్‌ఫాయిల్ చూశాకే దిద్దాలి.

ఇప్పుడు కలపడం

ముందు క్యాష్‌బుక్ సరిచేయండి:

```
1,84,620 + 12,000 - 9,400 - 295 + 180 = 1,87,105
```

తర్వాత స్టేట్‌మెంట్ వైపు నుంచి రండి. పాసవని మన చెక్కు తీసేసి, జమవని చెక్కు కలపాలి:

```
2,11,605 - 42,500 + 18,000 = 1,87,105
```

బ్యాలెన్స్ షీటులో బ్యాంకు నిల్వగా వెళ్లాల్సింది ఈ ₹1,87,105. స్టేట్‌మెంట్‌లోని ₹2,11,605 కాదు.