“రిస్క్ తెలిసే దిగాడు కదా” అనే వాదన నిలుస్తుందో లేదో ఎలా తేల్చాలి?

జూనియర్‌గా ఉన్నప్పుడు ఒక ప్రమాదం కేసులో ప్రతివాది తరఫున జవాబు డ్రాఫ్ట్ చేసి, “ఇక్కడ ప్రమాదం ఉందని వాదికి ముందే తెలుసు, కాబట్టి నష్టపరిహారం రాదు” అని రాశాను. మా సీనియర్ ఆ “తెలుసు” కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, పక్కన “అయితే?” అని ఒక్క మాట రాసి కాగితం వెనక్కి పంపారు. వొలెంటి నాన్ ఫిట్ ఇంజూరియా అనే డిఫెన్స్‌లో తప్పులు జరిగేది ఎక్కువగా ఆ మాట దగ్గరే. లాటిన్‌లో దాని అర్థం, ఇష్టపడి ఒప్పుకున్నవాడికి అన్యాయం జరిగినట్టు కాదు అని. ఒప్పుకున్నవాడికి అంటోంది తప్ప తెలిసినవాడికి అనడం లేదు. 1887లో థామస్ వర్సెస్ క్వార్టర్‌మెయిన్ కేసులో జడ్జి బోవెన్ కూడా ఇదే చెప్పాడు, సూత్రంలో ఉన్నది “వొలెంటి”, “సియెంటి” కాదని. సియెంటి అంటే తెలిసినవాడికి అని.

మరి ఒక కేసు చేతికొస్తే ఎలా చూడాలి? ఇంగ్లిష్ కామన్ లా నుంచి వచ్చిన డిఫెన్స్ కాబట్టి అక్కడి కేసులతోనే చెబుతాను.

మొదటి అడుగు: అసలు ప్రతివాది తప్పు ఉందా అని చూడండి. నిర్లక్ష్యమే లేకపోతే కేసు అక్కడే పోతుంది, ఈ డిఫెన్స్ దాకా రానక్కర్లేదు. తప్పు ఉందని తేలాక “అయినా సరే ఒప్పుకున్నాడు” అని చెప్పేది ప్రతివాది, దాన్ని రుజువు చేయాల్సిందీ ఆయనే. తాను ఒప్పుకోలేదని వాది నిరూపించుకోవాల్సిన పని లేదు.

రెండో అడుగు: ఏ రిస్క్ అనేది ఒక్క వాక్యంలో రాసిపెట్టుకోండి. “ఆ పని ప్రమాదకరం” అని రాస్తే దేనికీ పనికిరాదు. బాక్సింగ్ రింగ్‌లోకి దిగినవాడు ఆట నియమాల్లో పడే గుద్దులకు ఒప్పుకున్నాడు, గంట మోగి రౌండ్ అయిపోయాక వెనక నుంచి వచ్చి కొట్టిన దెబ్బకు కాదు. ముఖ్యంగా, ఆ పనిలో సహజంగా ఉండే రిస్క్ వేరు, ప్రతివాది నిర్లక్ష్యం వల్ల అదనంగా వచ్చిన రిస్క్ వేరు. చూడాల్సింది ఈ రెండోదాన్ని వాది నెత్తిన వేసుకున్నాడా అనే.

మూడో అడుగులో తెలుసా అని అడగాలి. తెలియనిదానికి ఎవరూ ఒప్పుకోలేరు కాబట్టి ఇది కావాల్సిందే, కానీ ఇది గడప మాత్రమే, ఇల్లు కాదు. తెలిసి ఉండాల్సింది అంటే కూడా చాలదు, ఆ మనిషికి నిజంగా తెలిసి ఉండాలి.

నాలుగోది అసలైన ప్రశ్న: తెలిశాక, వద్దనుకుంటే తప్పుకునే వీలుండి, “ఏమైనా సరే, దెబ్బ తగిలితే నాదే భారం” అని నోటితోనో నడతతోనో ఒప్పుకున్నాడా? ఇది అర్థం కావాలంటే 1891 నాటి స్మిత్ వర్సెస్ బేకర్ కేసు చూడాలి.

రైల్వే లైన్ కోసం కొండ తవ్వుతున్న చోట స్మిత్ రాతికి రంధ్రాలు వేసే పనివాడు. అతను పనిచేసే చోటుకు పైగా క్రేన్‌తో రాళ్లు తిప్పుతుండేవాళ్లు. క్రేన్ రావడం కనిపిస్తే పక్కకు జరిగేవాడు, రాయి పడితే ప్రాణం పోతుందని అతనికీ తెలుసు, తోటివాళ్లకూ తెలుసు. ఒకరోజు తలవంచి డ్రిల్ దగ్గర పనిలో ఉన్నాడు, పైనుంచి రాయి వస్తోందని ఎవరూ హెచ్చరించలేదు, రాయి జారి మీద పడింది. జ్యూరీ 100 పౌండ్లు ఇప్పించింది, అప్పీల్ కోర్టు ఆ తీర్పు కొట్టేసింది, చివరికి అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ మళ్లీ స్మిత్ వైపే నిలబడింది. ఆ జడ్జిల్లో ఒక్క లార్డ్ బ్రామ్‌వెల్ మాత్రం ఒప్పుకోలేదు.

మన నాలుగు అడుగులూ దీని మీద వేసి చూడండి. హెచ్చరిక లేకుండా మనుషుల తలల మీదుగా రాళ్లు తిప్పడం యజమాని నిర్లక్ష్యం. రిస్క్ ఏది? రాతి పని రిస్క్ కాదు, హెచ్చరించకుండా పైనుంచి రాళ్లు తిప్పే పద్ధతి. తెలుసా? బాగా తెలుసు. ఒప్పుకున్నాడా? ఇక్కడే యజమాని వాదన ఆగిపోయింది. పనికి వెళ్లకపోతే కూలి పోతుంది, అందుకని రోజూ వచ్చాడు, అంతే. భయపడుతూ పనిచేయడాన్ని సమ్మతి అని ఎలా అంటాం? కొందరు ఈ కేసుని “ఉద్యోగులకు ఈ డిఫెన్స్ అసలే వర్తించదు” అని చదువుతారు, అది కూడా తప్పే. కావాలని రూల్ మీరిన ఉద్యోగుల మీద 1964లో ఐసిఐ వర్సెస్ షాట్‌వెల్ కేసులో ఇది నిలిచింది. యజమాని మీద ఉద్యోగి కేసుల్లో అరుదుగా నిలుస్తుంది, అంతవరకే.

ఇక తాగిన డ్రైవర్ సంగతి. 1939లో డాన్ వర్సెస్ హామిల్టన్‌లో డ్రైవర్ తాగి ఉన్నాడని తెలిసీ ఒకావిడ కారులోనే ఉండిపోయింది. మధ్యలో దిగిపోయిన ఇంకొకాయన ఆమె ధైర్యాన్ని మెచ్చుకుంటే, జరిగేది ఉంటే జరుగుతుందిలే అన్నట్టుగా జవాబిచ్చింది. ప్రమాదంలో డ్రైవర్ చనిపోయాడు, ఈమెకు గాయాలయ్యాయి. ఆ మాట విన్నాక కూడా జడ్జి డిఫెన్స్‌ని ఒప్పుకోలేదు. అయితే మత్తు మరీ కళ్లకు కట్టినట్టుగా ఉండి, పేలని బాంబుని కెలకడంలాంటి పని అయితే వేరే మాట అన్నాడు.

ఆ వేరే మాట 1990లో మోరిస్ వర్సెస్ ముర్రే కేసులో ఎదురైంది. ఇద్దరు స్నేహితులు మధ్యాహ్నమంతా కలిసి తాగారు, ఒకడు చిన్న విమానం నడుపుతానన్నాడు, రెండోవాడే కారులో ఎయిర్‌ఫీల్డ్‌కి తీసుకెళ్లి, విమానం సిద్ధం చేయడంలో చెయ్యేశాడు. వాతావరణమూ బాగోలేదు. విమానం కూలి పైలట్ చనిపోయాడు, అతను తాగింది 17 విస్కీలకు సమానమని శవపరీక్షలో తేలింది. బతికినవాడు వేసిన కేసు పోయింది. ఈ రెండు కేసుల్లోనూ వాది తాగినవాడితోనే ప్రయాణం చేశారు, కానీ ఆమె ఉండిపోయింది, ఇతను ఆ పిచ్చి పనిని మొదటి నుంచీ పంచుకుని జరిపించాడు. సమ్మతి అంటే వాది ఏం చేశాడో చూసి తేల్చేదే, అతనికి ఏం తెలుసో చూసి కాదు.

ఒప్పందం, బోర్డు ఉన్న కేసుల్లో ఇంకొకటి చూసుకోండి. “మీ సొంత రిస్క్” అని బోర్డు పెట్టి, అతను చదివాడు కదా అంటే బ్రిటన్‌లో సరిపోదు. వ్యాపారాల విషయంలో 1977 చట్టం, అలాంటి నోటీసు గురించి తెలిసినంత మాత్రాన, చివరికి దానికి తల ఊపినంత మాత్రాన, రిస్క్ స్వచ్ఛందంగా తీసుకున్నట్టు కాదని చెప్పింది. కారు ప్రయాణికుల విషయంలో 1988 రోడ్ ట్రాఫిక్ చట్టం ఈ డిఫెన్స్‌కి దాదాపు తలుపు మూసేసింది. కాపాడబోయి దెబ్బ తిన్నవాళ్ల మీద కూడా ఇది పనిచేయదు: బెదిరి పరుగెత్తే గుర్రాల్ని ఆపబోయి గాయపడ్డ పోలీసుకి 1935లో పరిహారం ఇచ్చారు, ప్రమాదం అతనికి ఎంత బాగా తెలిసినా సరే.

ఇదంతా చూసి సమ్మతి దొరకలేదంటే ప్రతివాది చేతులెత్తేయనక్కర్లేదు. వాది కూడా కొంత అజాగ్రత్తగా ఉన్నాడని పక్కన ఇంకో పాయింట్‌గా రాయాలి. వొలెంటి గెలిస్తే పరిహారం మొత్తం పోతుంది, ఈ రెండోది గెలిస్తే వాది తప్పు ఎంతో అంత మేరకే తగ్గుతుంది. బ్రిటన్‌లో 1945 నుంచి ఈ వీలుంది, అందుకే అక్కడి జడ్జిలు ఎవరినీ ఖాళీ చేతులతో పంపకుండా ఈ దారి ఎక్కువగా పడతారు. మా సీనియర్ దగ్గర రెండోసారి రాసిన డ్రాఫ్ట్‌లో నేను ఈ పాయింటే ముందు పెట్టాను. వొలెంటి పేరాలో మాత్రం “తెలుసు” తీసేసి, వాది ఏ రోజు ఏ మాట అన్నాడో, ఏ పని చేశాడో రాయబోయాను. రాయడానికి ఏమీ దొరక్క ఆ పేరా మొత్తం కొట్టేశాను.