ఇంట్లో గడగడా చెప్పిన పరిచయం బడిలో నోటి దాకా రాకపోతే

సమస్య

కొత్త బడిలో చేరబోయే ముందు వారం రోజులు ఇంట్లో సాధన చేయించారు. పాప ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు తడుముకోకుండా తన పేరు చెప్పింది. తీరా మొదటి రోజు తరగతిలో పక్కన కూర్చున్న అమ్మాయి తనవైపు తిరిగి చూసేసరికి నోరు పెగలలేదు. చాలామంది తల్లిదండ్రులు దీనికి సిగ్గు అని పేరు పెట్టి, ఆ సాయంత్రం అదే వాక్యాన్ని మరో ఇరవైసార్లు వల్లె వేయిస్తారు. ఒకటో తరగతి టీచరుగా ఏటా ఇదే చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను: వల్లె వేయించే ముందు కింది రెండు విషయాలు చూడండి.

ముందుగా వాక్యాన్ని చూడండి

అది ఒక్క ఊపిరిలో అయిపోవాలి, పిల్లలు మాట్లాడుకునే మాటల్లోనే ఉండాలి. "హాయ్, నా పేరు ఫలానా. నీ పేరేంటి?" అన్నది చాలు. పాప రెండుసార్లు ఒకే చోట తడబడితే ఆ మాట మీదే గాని తనది కాదని తెలుసుకొని తీసివేయండి. చివరి ప్రశ్నను మాత్రం తీయవద్దు. పేరు చెప్పి ఆగిపోతే ఇద్దరు పిల్లలూ ఒకరి మొహం ఒకరు చూస్తూ నిలబడిపోతారు. ప్రశ్న ఉంటే మాట అవతలి బిడ్డ చేతికి వెళుతుంది.

కనబడని కారణం: మీ "చెప్పమ్మా"

వాక్యం సరిగ్గానే ఉన్నా పని చేయడం లేదంటే, చాలావరకు కారణం ఇదే. ఇంట్లో ప్రతిసారీ మీరు "ఏదీ, పేరు చెప్పమ్మా" అన్న తరువాతే పాప చెప్పింది. అంటే తను నేర్చుకున్నది కొత్త బిడ్డ కనబడితే పలకరించడం కాదు, మీరు అడిగితే అప్పజెప్పడం. తరగతిలో "చెప్పమ్మా" అనేవారు ఎవరూ ఉండరు కనుక ఆ వాక్యం బయటికి రాదు.

నేనూ మా అబ్బాయి విషయంలో ఈ పొరపాటే చేశాను. వాడిని కొత్త బడిలో దింపిన రోజు ఒక పిల్లవాడు వచ్చి వాడి నీళ్ల సీసా మీది బొమ్మను వేలితో తాకాడు. మావాడు ఆ పిల్లవాడిని చూడలేదు, తల తిప్పి నన్ను చూశాడు. నేను అలవాటుగా "పేరు చెప్పు నాన్నా" అన్నాను, వెంటనే చెప్పాడు, కాని నాకు చెప్పాడు. అప్పటికే ఆ పిల్లవాడు వెళ్లిపోయాడు.

పరీక్ష కూడా అదే. పరిచయం చెప్పేముందు బిడ్డ కళ్లు ఎటు వెళుతున్నాయో గమనించండి. మీవైపు వస్తుంటే కారణం దొరికినట్టే.

సరిచేసే విధానం

ఇంట్లో మరొకరిని, అన్నయ్యనో బాబాయినో, కొత్త బిడ్డగా నటించమనండి. ఆ వ్యక్తి సంచీ తెచ్చి పాప పక్కన పెట్టి, కూర్చొని, ఏమీ అడగకుండా ఒకసారి చూడాలి. మీరు పాప వెనుక నిలబడండి, నోరు విప్పకండి. మనసులో నెమ్మదిగా అయిదు లెక్కపెట్టండి. అయిదు అంకెలు పెద్దవాళ్లకు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, అందుకే అందరూ మూడు దగ్గరే మధ్యలో దూరిపోతారు. అప్పటికీ మాట రాకపోతే భుజం మీద మెల్లగా తట్టండి. అదీ చాలకపోతే "హాయ్" అని మొదటి మాట మాత్రం చెవిలో అందించి, మరుసటి సారికి తట్టడంతోనే సరిపెట్టండి, ఆ తరువాత అదీ మానేసి మరో గదిలోకి వెళ్లండి. రోజుకు మూడు నాలుగుసార్లు మించి చేయించనక్కరలేదు.

మీరు గదిలో లేకుండానే పాప మొదలుపెట్టగలిగాక, అవతలి పాత్రను మార్చండి. ఒకసారి అతను పేరు అడగకుండా "నువ్వు కొత్తా?" అనాలి, మరొకసారి ఏమీ పలకకుండా తన పుస్తకం చూసుకుంటూ ఉండిపోవాలి. ఈ రెండోది తప్పక చేయించండి, ఎందుకంటే బడిలో నిజంగా జరిగేది అదే. అప్పుడు "సరే, నేను ఇక్కడ కూర్చుంటా" అని కూర్చోవడం పాపకు తెలిసి ఉంటే, జవాబు రాకపోయినా కంగారుపడదు.

మొదటి రోజు గుమ్మం దగ్గర టీచరు పేరు అడిగినప్పుడు మీరు జవాబు చెప్పకండి, "చెప్పు" అని కూడా అనకండి. బిడ్డ తల ఊపినా, చెయ్యి ఎత్తినా ఆ రోజుకు దాన్ని పలకరింపుగానే తీసుకోమని టీచరుతో ముందే చెప్పి ఉంచండి.

అరుదైన కారణాలు

బడిలో మాట్లాడే భాష ఇంటి భాష కాకపోతే వాక్యాన్ని ఆ భాషలోనే నేర్పాలి. వెనుక నుంచి పిలిస్తే పలకకపోతే వినికిడి పరీక్ష చేయించండి. ఇంట్లో ధారాళంగా మాట్లాడే బిడ్డ, చేరిన మొదటి నెల గడిచాక కూడా బడిలో ఎవరితోనూ ఒక్క మాట పలకకపోతే, అది ఇంటి సాధన ఒక్కదానితో పోయేది కాకపోవచ్చు. పిల్లల మానసిక నిపుణులకు చూపించండి.