ఒక అధ్యాయాన్ని దగ్గరగా చదవడం ఎలా? ముందు కాలం, తర్వాత చూపు

విజయనగరంలో మేం కొందరం నెలకోసారి కలిసి నవలలు చదువుతాం. "ఈ అధ్యాయం కొడుకు దృష్టికోణంలో సాగింది" అని ఒక్క ముక్కలో తేల్చేసే వ్యాసం ప్రతిసారీ ఒకటైనా వస్తుంది. చూపు అధ్యాయానికి ఒకటి కాదు, వాక్యం వాక్యానికీ మారవచ్చు.

అధ్యాయం జిరాక్సు తీసుకోండి. పెన్సిలే వాడండి, గుర్తులు చెరపాల్సి వస్తుంది.

మొదట కాలం. కథలో ఎంతసేపు గడిచింది, దానికి ఎన్ని పేజీలు పట్టాయి అన్నది అంచున రాయండి. మా బృందంలో ఒకామె రాస్తున్న నవలలో పశువుల సంత అధ్యాయం 14 పేజీలు. మూడేళ్ల కరువుకు ఒక పేజీ, అరగంట బేరానికి పది. ఎడ్ల పలుపు కొన్నవాడి చేతికిచ్చే క్షణానికి ఒక్క వాక్యమూ లేదు. తర్వాతి మూడు పేజీలూ రాత్రి ఇంట్లో. ఆ ఖాళీని కూడా గుర్తించండి. చాలామంది రాసినదాన్నే లెక్కపెట్టి దీన్ని వదిలేస్తారు.

ఇక చూపు. అందరూ తప్పేది ఇక్కడే. చెప్పేదెవరు, చూసేదెవరు అన్నవి వేరు వేరు ప్రశ్నలని ఫ్రెంచి విమర్శకుడు జెరార్ జెనెట్ 1972లో విడదీశాడు. ఎవరి చూపులోంచి కథ కనిపిస్తుందన్న దానికి ఫోకలైజేషన్ అన్న మాట ఆయనదే. సంత అధ్యాయాన్ని చెప్పేది కథకుడు, చూసేది తొమ్మిదేళ్ల పిల్లవాడు. "తువ్వాలు కింద నాన్న వేళ్లు కదిలాయి." దళారి వేళ్లు పట్టుకుని ధర చెబుతున్నాడని వాడికి తెలియదు. అందుకే ఆ పది పేజీల్లో అంకె ఒక్కటీ లేదు.

అనుమానం వస్తే "వాడు" తీసి "నేను" పెట్టి చదవండి. "వాడికి కాళ్లు కాలుతున్నాయి" మారుస్తే అతుకుతుంది. "వాడి ముఖం పాలిపోయింది" అతకదు, తన ముఖం తనకు కనిపించదు కదా. అయితే ఈ పరీక్ష ఒక్కటే చాలదు. "సంత పలచబడింది" లాంటి వాక్యంలో మార్చడానికి ఏమీ ఉండదు. అప్పుడు చుట్టుపక్కల వాక్యాల్లో వరస పిలుపు చూడండి. తెలుగులో ఇంతకంటే నమ్మకమైన గుర్తు నాకు దొరకలేదు. కథకుడు "నాన్న" అంటున్నంతసేపూ చూపు పిల్లవాడిదే. పదకొండో పేజీ చివర మాత్రం "ఆ ధరకు ఇవ్వకూడదని సూరయ్యకు తెలుసు" అని ఉంది. నాన్న సూరయ్య అయ్యాడు, చూపు తండ్రిలోకి వెళ్లింది.

చివరగా రెండు గుర్తులనూ పక్కపక్కన పెట్టండి. విడివిడిగా రెండు పేరాలు రాస్తే పని సగమే అయినట్టు. సూరయ్య వాక్యం వెంటనే వచ్చేది ఆ ఖాళీయే. పిల్లవాడికి తెలియని బేరం పది పేజీలు సాగింది. తండ్రికి తెలిసిన నష్టం ఒక్క వాక్యంలో బయటపడగానే కథ పలుపు అప్పగింతను దాటేసి రాత్రిలోకి దూకింది. మీ వ్యాసం మొదటి వాక్యం ఇదే కావాలి, "అధ్యాయం హృదయవిదారకంగా ఉంది" అన్నది కాదు.