కేస్ షీట్ల ఆడిట్‌కి ఎథిక్స్ కమిటీ సారాంశం ఎలా రాయాలి?

ఒక ఉదాహరణ పట్టుకుని రాద్దాం. ఆపరేషన్‌లో కోత పెట్టడానికి ముందు 60 నిమిషాల్లోపు యాంటీబయాటిక్ ఇవ్వాలన్నది మీ ఆసుపత్రి నియమం అనుకోండి. గత ఏడాది 200 కేస్ షీట్లు తీసి, ఎన్నింట్లో అలా జరిగిందో చూస్తారు. ఏ నియమం, ఏ కాలం, ఎన్ని షీట్లు అన్నది మొదటి వాక్యంలోనే రాయండి. పేషెంట్లను ఎవరూ కలవరని, వైద్యంలో మార్పేమీ ఉండదని రెండో వాక్యంలో చెప్పండి.

తర్వాత గోప్యత. దీని గురించి రాసేముందు ఎక్సెల్‌లో ఏ కాలమ్స్ ఉంటాయో తేల్చుకోండి. పేరు, ఫోన్ నంబర్ వద్దని అందరికీ తెలుసు. తేదీలే పట్టిస్తాయి. అరుదైన ఆపరేషన్ ఫలానా రోజు జరిగిందంటే, ఆ వార్డులో పనిచేసేవారికి మనిషి ఎవరో తెలిసిపోతుంది. మనకు కావాల్సింది ఇంజెక్షన్‌కీ కోతకీ మధ్య నిమిషాలే కాబట్టి, ఆ తేడా ఒక్కటే ఎక్కించండి. పుట్టిన తేదీకి బదులు వయసు చాలు. డాక్టర్ల పేర్లూ వద్దు.

నా మొదటి దరఖాస్తు వెనక్కి వచ్చింది ఇక్కడే. సారాంశంలో ‘వివరాలు అనామకం’ అన్నాను, లోపలి పేజీలో మాత్రం పేషెంట్లకు ఆసుపత్రి ఇచ్చే ఐపీ నంబర్లకు కోడ్ జాబితా ఉంచుతామని రాశాను. జాబితా ఉన్నంతకాలం అది కోడ్ పెట్టిన సమాచారమే, అనామకం కాదు. కాబట్టి ఇలా రాయండి: ‘ప్రతి షీట్‌కు ఒక కోడ్ ఇస్తాం. కోడ్ జాబితా విడిగా, పాస్‌వర్డ్‌తో ప్రధాన పరిశోధకుడి దగ్గర ఉంటుంది. సరిచూడటం అయ్యాక దాన్ని చెరిపేస్తాం.’

ఇక సమ్మతి మినహాయింపు, అంటే పేషెంట్లను అడగకుండానే వాళ్ల షీట్లు చూసే అనుమతి. ‘200 మందిని అడగడం కష్టం’ అని రాస్తే కమిటీ ఒప్పుకోదు, అది మన సౌకర్యం మాత్రమే. వైద్య పరిశోధన నైతికతపై 2016 నాటి సీఐఓఎంఎస్ అంతర్జాతీయ మార్గదర్శకాలు మూడు విషయాలు చూడమంటాయి: మినహాయింపు లేకుండా పని ఆచరణలో సాధ్యం కాకపోవడం, ఆ పనికి సమాజపరంగా ముఖ్యమైన విలువ ఉండటం, పేషెంట్లకు కనీస స్థాయి మించి ముప్పు లేకపోవడం. మన ఉదాహరణలో మొదటిదానికి రెండు కారణాలు చెప్పొచ్చు. డిశ్చార్జ్ అయినవారిలో కొందరు దొరకరు, కొందరు చనిపోయి ఉంటారు. దొరికినవారినే లెక్కేస్తే, ఇన్ఫెక్షన్ వచ్చి ఇబ్బంది పడ్డవాళ్లే తప్పిపోయి ఫలితం తప్పుదారి పట్టొచ్చు. పైగా వాళ్లకు ఫోన్ చేయాలంటే, ఆడిట్‌కి అక్కర్లేని చిరునామాలూ నంబర్లూ తెరవాలి. అప్పుడు గోప్యతకు ముప్పు పెరుగుతుంది.

తన రికార్డు వాడొద్దని ముందే చెప్పిన పేషెంట్ ఉంటే ఆ షీట్ వదిలేస్తామని కూడా చేర్చండి. ఇది చాలామంది మర్చిపోతారు. పంపేముందు సారాంశాన్నీ డేటా ఫారాన్నీ పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో లేదన్నది రెండోదాంట్లో కాలమ్‌గా కనబడుతోందేమో చూసుకోండి.