పాకే పాప, పిల్లి ఉన్న ఇంట్లో తడిగుడ్డ పెట్టే ముందు

☐ సీసా వెనక లేబుల్ చదవండి. నల్ల ఫినాయిల్‌లో ఫినాల్స్ ఉంటాయి, పిల్లి కాలేయం వాటిని సరిగా వదిలించుకోలేదు. తెల్ల ఫినాయిల్‌లో మామూలుగా పైన్ నూనె ఉంటుంది, అదీ పిల్లికి పడదు. అందుకే మొక్కల నుంచి తీసిందన్నా సరే, పైన్, టీట్రీ నూనెలుంటే కొనకండి.

☐ బెంజాల్కోనియం క్లోరైడ్ ఉన్న డిసిన్ఫెక్టెంట్‌ని మూతతో కొలిచే కలపండి. అది అంటిన పాదాలు నాకితే పిల్లి నోరు పుండై చొంగ కారుతుంది. లేబుల్‌పై చెప్పినంతసేపు ఆగి, మంచినీళ్లతో మళ్లీ తుడవండి. ఆరాక అరచేత్తో రాసి చూడండి. జిగురు తగిలితే ఇంకోసారి తుడిచాకే పాపను వదలండి.

☐ రోజువారీకి నేనైతే బకెట్ నీళ్లలో చెంచాడు గిన్నెల సబ్బు ద్రవమే వేస్తాను.

☐ ఫినాయిల్‌ను తాగునీళ్ల సీసాలో పోయొద్దు. పాప మింగితే వాంతి చేయించకుండా, ఆ సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.